బిడ్డ ముఖం చూశాక ఊర్వశి ఉంటుందా?

మేము కొండ దిగి పిఠాపురం వచ్చి పదకొండేళ్ళయింది. ఇద్దరం టీచర్లమే, ఇద్దరం కొండరెడ్లమే. టీటీసీ చదివే రోజుల్లో ఒకరినొకరు ఇష్టపడ్డాం. పెద్దవాళ్ళు వరసలు చూసుకుని సరే అన్నారు. వచ్చిన కొత్తలో ఈ ఊరి గురించి మాకు తెలిసినవి రెండే. ఒకటి పాదగయ గుడి. రెండోది, దేవులపల్లి కృష్ణశాస్త్రి ఈ పక్కనే పుట్టారని తెలుగు వాచకంలో పిల్లలకు చెప్పే సంగతి. ఆయన 1897లో పుట్టారు. 1925లో ‘కృష్ణపక్షం’ వచ్చింది. ‘ఊర్వశి’ అని ఆయన ఒక కావ్యమే రాశారు. భావకవుల ప్రేయసి ఎప్పుడూ దూరంగానే ఉంటుంది, చేతికి అందదు. అందదు కాబట్టే ఆమె మీద ప్రేమ తరగదు.

ఆ ఊర్వశి కథ పాతది. కాళిదాసు దాన్ని ‘విక్రమోర్వశీయం’ అనే నాటకంగా రాశాడు. అందులో ఒక షరతు ఉంది. అది మాకు మా రెండో బిడ్డ పుట్టాకే అర్థమైంది. శాపం వల్ల భూమికి వచ్చిన ఊర్వశి పురూరవుడనే రాజుతో ఉండొచ్చు. కానీ అతను ఆమె కన్న బిడ్డ ముఖం చూసిన రోజున ఆమె తిరిగి స్వర్గానికి వెళ్ళిపోవాలి. అందుకని ఆమె కొడుకును కని, రాజుకు తెలియకుండా చ్యవన మహర్షి ఆశ్రమంలో దాచిపెడుతుంది. ప్రేమ నిలవాలంటే బిడ్డను దాచాలి. చివరికి కొడుకు సంగతి బయటపడుతుంది. రాజు సంతోషిస్తాడు, ఊర్వశి ఏడుస్తుంది.

బిడ్డ ముఖం చూడగానే ప్రేమ వెళ్ళిపోవాలా? ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే. మనలో చాలామందికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకే పెళ్ళవుతుంది. ఏడాదికో రెండేళ్ళకో బిడ్డ వస్తుంది. ఆ తరవాత సంగతి గురించి పాటలూ సినిమాలూ ఏమీ చెప్పవు, అవి పెళ్ళితో ఆగిపోతాయి. పెద్దవాళ్ళు కూడా చెప్పరు. అందుకే మా ఇంటి సంగతే పెట్టి చెబుతున్నాం.

మేము ఊర్వశి చేసిన పనికి తిరగేసి చేశాం. ఆమె ప్రేమ కోసం బిడ్డను దాచింది. మేము బిడ్డల కోసం ప్రేమను దాచాం. ‘పిల్లలు కాస్త పెద్దవాళ్ళు కానీ’ అనుకుని అటక మీద పెట్టాం. అటక మీద పెట్టింది అక్కడే భద్రంగా ఉంటుందనుకోవడం మా పొరపాటు.

ముప్పై ఒక్క మాటలు

అప్పుడు పెద్దపిల్లకు ఏడేళ్ళు, చిన్నవాడికి రెండున్నర. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక, దీపం ఆర్పేశాక, చీకట్లో మా ఇద్దరిలో ఒకరు మెల్లగా పిలిచారు. రెండోవారు ఏదో ఆశపడి ఇటు తిరిగారు. ‘గ్యాస్ బుక్ చేశావా?’ అన్నదే ఆ పిలుపు వెనక ఉన్న మాట. ఇద్దరం నవ్వాం. నవ్వాక ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

మరునాడు మేము టీచర్ల పని చేశాం. పాఠ్యప్రణాళిక పుస్తకంలో ఒక ఖాళీ పేజీ తీసి, ఆ రోజు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా ఒకరితో ఒకరం అన్న మాటలన్నీ రాసుకున్నాం. ముప్పై ఒక్కటి వచ్చాయి. అందులో ఇరవై ఏడు పిల్లలవి, సరుకులవి, డబ్బువి, బడివి. రెండు విసుగువి. ఒకటి ‘తలుపు వేశావా’ అని. మిగిలింది ఒక్కటి: ‘ఈవేళ నీ గొంతు బొంగురుగా ఉందేం?’ ఆ ఒక్క మాటే ఒక మనిషి ఇంకో మనిషిని చూసి అన్నది. మిగతా ముప్పై, ఒక ఆఫీసులో ఇద్దరు గుమాస్తాలు అనుకున్నా సరిపోయేవి.

ఆ పేజీ కింద ఇంకొకటి కూడా రాసుకున్నాం. ఆ రోజు మాకు మేము నేరుగా చెప్పుకోని మాటలు రెండు పెద్దపిల్ల నోటి మీదుగా వెళ్ళాయి. ‘నాన్నని అన్నానికి రమ్మను’, ‘అమ్మనడుగు, నా చొక్కా ఎక్కడుందో.’ పిల్లను తపాలా బంట్రోతును చేశాం. ఇంట్లో ప్రేమ తగ్గుతోందని తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన గుర్తు మాకు ఇంకొకటి కనబడలేదు. పోట్లాట గుర్తు కాదు, పోట్లాడేవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. ఎదురుగా ఉన్న మనిషికి బిడ్డ చేత కబురు పంపడం గుర్తు.

మొదట మేము తప్పంతా సమయం మీద వేశాం. సమయం లేదు, నిజమే. కానీ ఆ పేజీ చూశాక తెలిసింది, ముప్పై ఒక్క మాటలకు సమయం ఉంది. ముప్పై రెండో మాటకే లేదంటే కారణం గడియారంలో లేదు, ఇంకెక్కడో ఉంది.

ఎవరి చేతిలో ఎంత పని

ఆ ఇంకెక్కడో అన్నది వంటింట్లో దొరికింది. అప్పటికి మా ఇద్దరి జీతం దాదాపు ఒక్కటే, బడి గంటలు ఒక్కటే. కానీ మాలో ఆడమనిషి నాలుగున్నరకు లేచేది, మగమనిషి ఆరింటికి. ఆయన ఏమీ చెయ్యడని కాదు. చెప్పింది చేసేవాడు. పాలు తెమ్మంటే తెచ్చేవాడు, చిన్నవాణ్ణి ఎత్తుకోమంటే ఎత్తుకునేవాడు. ‘నేను సాయం చేస్తూనే ఉన్నా కదా’ అని ఆయన అనుకునేవాడు. ఆ ‘సాయం’ అనే మాట దగ్గరే గొడవంతా ఉంది. సాయం చేసేవాడికి పని తనది కాదు. పని ఎవరిదో వాళ్ళే గుర్తుపెట్టుకోవాలి, వాళ్ళే చెప్పాలి, సరిగా అయిందో లేదో వాళ్ళే చూసుకోవాలి. చిన్నవాడి టీకా తేదీ ఎవరి తలలో ఉంది? బియ్యం ఎన్ని రోజులకు వస్తాయో ఎవరికి తెలుసు? రెండూ ఒకే తలలో ఉన్నాయి. రాత్రి పదింటికి ఆ తల దిండు మీద పెట్టినా లోపల లెక్క ఆగదు. ఆ సమయంలో పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి భుజం మీద పడితే, అది ఆమెకు ముద్దుగా అనిపించదు. ఇంకో పని మీద పడ్డట్టు ఉంటుంది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతటా మనుషులు రోజులో సమయం ఎలా గడుపుతారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. పిల్లల్ని చూసుకోవడం ఈ లెక్కలో లేదు, అది వేరే. తేడా మూడు గంటల పైన. ఆ మూడు గంటల తరవాత ఇద్దరూ ఒకే పక్క మీదకు వస్తారు. ఒకరికి ఆ రాత్రి విశ్రాంతి మొదలవుతుంది, రెండోవారికి ఓపిక అయిపోతుంది. ‘పిల్లలు పుట్టాక మారిపోయింది’ అని మగవాళ్ళు అనుకునే మాటలో చాలా భాగం ఈ మూడు గంటలదే.

మేము చేసిన మార్పు చిన్నది, కానీ సరిగ్గా చేశాం. పనులు పంచుకోలేదు, బాధ్యతలు పంచుకున్నాం. పొద్దున టిఫిను, పిల్లల స్నానాలు, చిన్నవాడి మందులు, టీకాలు, డాక్టరు చీటీలు అన్నీ పూర్తిగా ఆయనవి. వాటి గురించి ఆమె గుర్తు చెయ్యకూడదు. మధ్యాహ్నం అన్నం, సరుకులు, పెద్దపిల్ల చదువు ఆమెవి. మొదటి నెల కష్టంగానే గడిచింది. ఉప్మాలో ఉప్పు మరిచిపోయాడు. ఒకసారి టీకాకు వారం ఆలస్యమైంది. ఆమె నోరు కట్టేసుకుని ఊరుకుంది. అలా ఊరుకోవడమే ఆమెకు అన్నిటికంటే కష్టమైన పని. చెప్పకుండా ఉండలేకపోతే బాధ్యత మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చేస్తుంది. రెండో నెలకు ఆయనకు తేదీలు తన తలలోకి ఎక్కాయి. అప్పుడు ఆయన ఒక రాత్రి, ‘నువ్వు ఇన్నాళ్ళూ ఇదంతా మోశావా?’ అన్నాడు. ముప్పై రెండో మాట అది.

ఉప్పాడ మగ్గం దగ్గర

ఆ ఏడాదే ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని ఉప్పాడ వెళ్ళాం. పిఠాపురానికి దగ్గరే, సముద్రపు ఒడ్డు. అక్కడి జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేము చీర కొనడానికి వెళ్ళలేదు, కొనేంత డబ్బూ లేదు. పెద్దపిల్ల మగ్గం చూస్తానంటే ఒకరింట్లోకి వెళ్ళాం.

జాందానీ మగ్గం మీద మామూలుగా ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. మేము చూసింది భార్యాభర్తల్ని. పడుగు ఇద్దరి ముందూ ఒకటే. బుటా వచ్చే చోట ఒక్కొక్క పోగునూ చేత్తో లోపలికి దూర్చాలి. కుడి వైపు బుటాలు ఒకరివి, ఎడమ వైపువి రెండోవారివి. ఇద్దరూ తమ తమ పోగులు పెట్టడం అయ్యాకే నాడె ఈ చివర నుంచి ఆ చివరకు వెళుతుంది, పలక పడుతుంది. ఒకరి పోగులు ముందే అయిపోయినా ఆగాలి. రెండోవారిని తోసుకుని ముందుకు పోవడానికి లేదు. వాళ్ళు ఎక్కువ మాట్లాడుకోలేదు. కానీ ప్రతి వరుసకూ ఒకసారి ఒకరు రెండోవారి చేతి వైపు చూశారు, అయిందా అని. చీర ఒక్కటి పూర్తవడానికి రోజులూ వారాలూ పడుతుంది.

ఆ చూపు గురించి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాట్లాడుకున్నాం. పని ఎక్కువైతే ప్రేమ పోతుందని అంతవరకూ అనుకున్నాం. ఆ ఇంట్లో పనికి తక్కువేమీ లేదు. మెడలు నొప్పులు, కళ్ళు మంటలు, కూలి చాలదన్న బాధ, అన్నీ ఉన్నాయని వాళ్ళే చెప్పారు. వాళ్ళ ప్రేమ ఎలాంటిదో మాకు తెలియదు, ఒక గంట చూసి చెప్పకూడదు కూడా. కానీ ఒక్కటి కళ్ళారా చూశాం. అక్కడ ఇద్దరూ ఒకే పడుగు ముందు ఉన్నారు. రెండోవారి చెయ్యి ఎక్కడుందో చూడకుండా ముందుకు పోలేని పని అది. మా ఇంట్లో మేము వేరు వేరు మగ్గాల మీద, వేరు వేరు గదుల్లో నేస్తున్నాం. ఒకరు వంటింట్లో, ఒకరు పిల్లల దగ్గర. పని తొందరగా అవుతుంది, కానీ చూసుకునే అవసరం రాదు.

అందుకని ఒక పనిని కావాలనే ఇద్దరం కలిసి చెయ్యడం మొదలుపెట్టాం. రాత్రి గిన్నెలు. ఒకరు తోముతారు, ఒకరు కడుగుతారు. ఒక్కరు చేస్తే పావుగంట, ఇద్దరం చేసినా అంతే పడుతుంది. ఆ పావుగంటలో పిల్లల సంగతి, డబ్బు సంగతి ఎత్తకూడదని నియమం. మొదటి వారం మాట్లాడటానికి ఏమీ దొరకలేదు. నీళ్ళ చప్పుడే వినబడింది. అది మమ్మల్ని భయపెట్టింది కూడా. తరవాత తరవాత బడిలో జరిగినవి, చిన్నప్పటివి, చూసిన మనుషులు, పాడుకున్న పాటలు వచ్చాయి. పిల్లలు పడుకున్నాక మంచం మీద మాట్లాడుకుందాం అనుకున్నన్నాళ్ళూ ఆ మాటలు రాలేదు. అప్పటికి ఒంట్లో ఏమీ మిగలదు. రోజులో అన్నిటికంటే మిగిలిపోయిన సమయాన్ని ప్రేమకు ఇవ్వడం, అడుగంటిన అన్నం చుట్టానికి పెట్టడం లాంటిది.

ఒంటి సంగతి

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాం. రాయకపోతే మిగతాదంతా సగం అబద్ధమవుతుంది.

కాన్పయ్యాక ఆడమనిషి ఒళ్ళు వెంటనే పాత ఒళ్ళు కాదు. గాయాలు మానడానికి వారాలు పడుతుంది. ఆరు వారాలకు డాక్టరుకో నర్సుకో చూపించుకోవాలి. పాలిచ్చే రోజుల్లో ఒంట్లో కొన్ని రసాలు తగ్గుతాయి, అందువల్ల కోరిక తగ్గుతుంది, ఒళ్ళు పొడిబారుతుంది, కలిస్తే నొప్పి పుడుతుంది. ఇది మనసు మారినందువల్ల కాదు. ‘నా మీద ఇష్టం పోయింది’ అని భర్త అనుకునేది చాలాసార్లు పాల వల్ల వచ్చిన మార్పే. ఈ సంగతి ఒక్కటి మగపిల్లలకు పెళ్ళికి ముందే తెలిస్తే ఎన్నో ఇళ్ళలో ఎన్నో రాత్రులు బాగుపడతాయి.

రెండోది భయం. మళ్ళీ కడుపొస్తుందేమోనన్న భయం ఉన్నచోట ముద్దు కూడా ముద్దుగా ఉండదు. మా అమ్మలకు ఆ భయానికి మందు అందలేదు. ఒక కాన్పుకూ ఇంకో కడుపుకూ మధ్య కనీసం రెండేళ్ళు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తల్లి ఒళ్ళు కోలుకోవడానికి అంత కావాలి. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షను, ఛాయ మాత్రలు, కాపర్ టీ ఉచితంగా ఇస్తారు. ఏది ఎవరికి సరిపోతుందో నర్సమ్మే చెబుతుంది. ముందు ఆశా కార్యకర్తను అడిగినా చాలు. మేము అడగడానికి సిగ్గుపడి ఒక ఏడాది పోగొట్టుకున్నాం. ఆ ఏడాదంతా ఒకరి పక్కన ఒకరం కట్టెల్లా పడుకున్నాం. దగ్గరికి తీసుకోవడం అన్నా, చెయ్యి పట్టుకోవడం అన్నా అక్కడిదాకా వెళుతుందేమో అని ఒకరికి భయం. వద్దంటుందేమో అని రెండోవారికి భయం. చివరికి ఒక మాట అనుకున్నాం: ముట్టుకోవడం ముట్టుకోవడమే, దాని వెనక ఇంకేమీ అడగడం లేదు. తల నిమిరితే తల నిమరడమే. ఆ హామీ ఉన్నాకే చేతులు మళ్ళీ దగ్గరికి వచ్చాయి.

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. ప్రేమను నిలబెట్టుకోవడం ఇద్దరి బాధ్యత అన్నాం కదా అని, ఒకరు రెండోవారి దగ్గర అప్పులాగా వసూలు చేసుకోకూడదు. అలసిన మనిషికి ‘ఈవేళ వద్దు’ అనే హక్కు ఉంది. భార్య అయినంత మాత్రాన ఆ హక్కు పోదు. అలాగే, బిడ్డ పుట్టాక తల్లి వారాల తరబడి ఏడుస్తూ, నిద్ర పట్టక, బిడ్డ మీద కూడా ధ్యాస లేకుండా ఉంటే అది అలసట కాదు, జబ్బు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. తాగి వచ్చి కొట్టే ఇంట్లో గిన్నెలు కలిసి కడగడం వల్ల ఏమీ కాదు. అక్కడ ముందు ఆగాల్సింది దెబ్బ.

గూడెంలో ఉన్నది, పట్నంలో లేనిది

‘మన పెద్దవాళ్ళు ఇవన్నీ అనుకున్నారా? అయినా కలిసి బతకలేదా?’ అని మా ఊళ్ళో ఒక మామ అడిగాడు. మంచి ప్రశ్నే. మేము చాలా రోజులు ఆలోచించాం.

మామిడి పండగ చెయ్యందే మా గూడెంలో కొత్త మామిడికాయ కొరకరు. ఆ పండగ రాత్రి డోలు మోగితే ఆటలోకి దిగేది పెళ్ళికాని పిల్లలే కాదు. ముగ్గురు బిడ్డల తల్లి కూడా నడుం చుట్టూ చేతులు వేసి వరసలో నిలబడుతుంది. ఎదురు వరసలో ఆమె మొగుడు ఉంటాడు. ఆమె చంకలో బిడ్డ లేదు, ఏ అవ్వ ఒళ్ళోనో, ఏ పిన్ని వీపు మీదో ఉంది. బిడ్డ ఏడిస్తే ఎవరో ఒకరు చూస్తారు. ఆ రాత్రి ఆమె ఎవరికీ అమ్మ కాదు. పాటలో వదిన మరదళ్ళు ఆమెను ఆటపట్టిస్తారు, ఆయనను బావలు ఆటపట్టిస్తారు. పెళ్ళై పదేళ్ళయిన జంటను ఊరంతా కలిసి మళ్ళీ ఒకరి వైపు ఒకరు తిరిగేలా చేస్తుంది.

మా పెద్దవాళ్ళు ప్రేమ గురించి ఏమీ అనుకోవలసిన అవసరం రాలేదు. వాళ్ళ తరఫున పండగ అనుకుంది, గూడెం అనుకుంది. ప్రేమకు ఒక తేదీ ఉండేది, బిడ్డను ఎత్తుకోవడానికి పది చేతులు ఉండేవి. మేము పిఠాపురం వచ్చినప్పుడు గిన్నెలు, బట్టలు, పుస్తకాలు తెచ్చుకున్నాం. ఆ తేదీని, ఆ పది చేతుల్ని అక్కడే వదిలేసి వచ్చాం. తరవాత, ‘మన ఇద్దరి మధ్య ఏమైంది?’ అని ఒకరినొకరు నిందించుకున్నాం. ఇద్దరి మధ్యా ఏమీ కాలేదు. ఇద్దరి చుట్టూ ఉన్నది పోయింది.

అలాగని గూడెం స్వర్గమని చెప్పం. ఆ పది చేతుల్లో రెండు చేతులు ఎనిమిదేళ్ళ అక్కవి. తమ్ముణ్ణి ఎత్తుకుని బడి మానేసిన అక్కల్ని హాజరుపట్టీలో ‘గైర్హాజరు’ అని రాసింది మేమే. జీలుగు కల్లు ఎక్కువై ఆటలోంచి దెబ్బలాటలోకి పోయిన రాత్రులూ చూశాం. పదహారేళ్ళకే తల్లులై, ఆటలోకి రాకముందే ఆట అయిపోయిన పిల్లల్నీ చూశాం. గూడెం నుంచి తెచ్చుకోవలసింది అదంతా కాదు. బిడ్డలున్న జంటకు కూడా జంటగా ఉండే రోజు ఒకటి కావాలని, దానికి పక్కవాళ్ళ చేతులు కావాలని ఆ ఊరికి తెలుసు. ఆ తెలివి తెచ్చుకోవాలి.

మా వీధిలో ఇంకో టీచర్ల కుటుంబం ఉంది, తూర్పు కొండల నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళకీ ఇద్దరు పిల్లలు. ఒక ఒప్పందం చేసుకున్నాం. నెలలో రెండో శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా వాళ్ళ పిల్లలు మా ఇంట్లో, నాలుగో శనివారం మా పిల్లలు వాళ్ళ ఇంట్లో. డబ్బు లేదు, మొహమాటం లేదు. మొదటిసారి ఆ మూడు గంటలు ఏం చెయ్యాలో తెలియక బజారుకెళ్ళి పిల్లలకు చెప్పులు కొని వచ్చాం. రెండోసారి ఇంట్లోనే నిద్రపోయాం, ఇద్దరం, ఏడింటి దాకా. మూడోసారి కాలువ గట్టు మీద నడిచాం. ‘బావా, నువ్వు ఆ రోజుల్లో డోలు వాయించేవాడివి కదా, ఎందుకు మానేశావ్?’ అని ఆమె అడిగింది. ఆయన దగ్గర సమాధానం లేదు. ఎవరూ అడగకపోతే మానేసిన సంగతి కూడా ఆయనకు గుర్తులేదు.

దొంగిలించిన సమయమా?

అసలు ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. ఆ మూడు గంటలు పిల్లలవి కావా? వాళ్ళ దగ్గర తీసుకున్నది కాదా? ముఖ్యంగా మనలాంటివాళ్ళకు ఈ బాధ ఎక్కువ. మన ఇళ్ళలో మొదటిసారి చదువుకున్నది మనమే. పిల్లలకు ప్రతి నిమిషం ఇవ్వాలి, మనం పడ్డది వాళ్ళు పడకూడదు అనుకుంటాం. ఆ తపన తప్పు కాదు.

కానీ బడిలో ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని చూస్తున్నాం. అమ్మానాన్నలు ఒక సాయంత్రం బయటికి వెళ్ళారని కుంగిపోయిన పిల్లను మేము చూడలేదు. ఇంట్లో కబుర్లు మోసి మోసి, ఎవరి పక్షం ఉండాలో తెలియక, బడిలో నోరు తెరవని పిల్లల్ని చూశాం. తల్లిదండ్రులు తన కోసమే కలిసి ఉన్నారని తెలిసిన బిడ్డ నెత్తిన ఒక పెద్ద బరువు ఉంటుంది. అమ్మానాన్నలకు తానొక్కడే ఆధారమని వాడికి అర్థమవుతుంది. ఆ బరువు బిడ్డ మీద పెట్టడం న్యాయమా? తల్లిదండ్రులు ఒకరికొకరు కావాలనుకుంటే బిడ్డకు బిడ్డగా ఉండే తీరిక దొరుకుతుంది. కాబట్టి ఆ మూడు గంటలు వాళ్ళ నుంచి దొంగిలించినవి కావని మేము తేల్చుకున్నాం.

అయితే ఇచ్చేదానికీ ఒక కొలత ఉంది. జ్వరంతో ఉన్న బిడ్డను వదిలి నాలుగో శనివారమని వెళ్ళకూడదు. పాలు తాగే బిడ్డ ఉన్న మొదటి ఏడాది ఇవేవీ కుదరకపోవచ్చు. అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసి ‘గొంతు బొంగురుగా ఉందేం’ అనగలిగితే చాలు. ఆ ఏడాదికి అదే పెద్ద పండగ.

కాళిదాసు నాటకం చివర నారదుడు వస్తాడు. పురూరవుడు బతికినంత కాలం ఊర్వశి అతని దగ్గరే ఉండొచ్చని ఇంద్రుడి మాటగా చెబుతాడు. ఆ కొడుకు ఎదురుగా ఉండగానే, ముఖం చూశాకే. అలా షరతు ఎత్తేశారు. మన ఇళ్ళకు నారదుడు రాడు. ఆ షరతు ఎత్తెయ్యాల్సింది మనమే. అది కూడా ఒక్కసారి కాదు, వరుసకొకసారి, ఉప్పాడ మగ్గం మీద వాళ్ళు చూసుకున్నట్టు.

పోయిన మామిడి పండగకు మేము ఊరు వెళ్ళాం. డోలు మోగింది. చిన్నవాణ్ణి వాళ్ళ అవ్వ తీసుకుంది. ఆయన చాలా ఏళ్ళ తరవాత డోలు భుజాన వేసుకున్నాడు, చేతులు తడబడ్డాయి. ఆమె వరసలోకి వెళ్ళి నిలబడింది. పెద్దపిల్ల అరుగు మీద కూర్చుని మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ రాత్రి దాని చేత మేము ఒకరికొకరం ఏ కబురూ పంపలేదు.